ఇద్దరికీ ఒకే క్షణం: సున్నా బై సున్నా నియమం ఎందుకు పనిచేస్తుంది

ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో u/v ని ఎలా డిఫరెన్షియేట్ చేయాలో నేర్పుతారు: (vu′ − uv′)/v². లవాన్నీ హారాన్నీ విడివిడిగా డిఫరెన్షియేట్ చేసి u′/v′ అని రాస్తే ఆ జవాబు మీద ఎర్ర ఇంకు పడుతుంది. కొన్నాళ్ళకు ఎంట్రన్స్ కోచింగ్ మొదలవుతుంది. అవధి లెక్కలో 0/0 రాగానే అక్కడి సారు సరిగ్గా ఆ తప్పే చేయమంటాడు: పైది వేరుగా, కిందిది వేరుగా డిఫరెన్షియేట్ చెయ్, మళ్ళీ x విలువ వేసి చూడు. జవాబు చటుక్కున వస్తుంది. అదీ సరైన జవాబే! పిల్లలు ‘ఎల్ హాస్పిటల్ రూల్’ అని పిలుచుకునే లోపితాల్ నియమం ఇదే.

నిన్న తప్పైన పని ఇవాళ ఒప్పెలా అయిందని ఎవరైనా అడిగితే, ‘అది 0/0 కి మాత్రమే’ అనే సమాధానంతో చాలాచోట్ల మాట ఆగిపోతుంది. నిజానికి ఈ నియమంలో మనం భిన్నాన్ని డిఫరెన్షియేట్ చేయడం లేదు. రెండు వేర్వేరు భిన్నాలను పక్కపక్కన పెడుతున్నాం. ఒకటి f(x)/g(x), రెండోది f′(x)/g′(x). ఇవి సాధారణంగా సమానం కావు. కానీ x ఏ బిందువు దగ్గర f, g రెండూ సున్నా అవుతాయో ఆ బిందువు వైపు జరిగేకొద్దీ, రెండో భిన్నం ఏదైనా సంఖ్య మీద కుదురుకుంటే మొదటిదీ అదే సంఖ్య మీద కుదురుకుంటుంది. నియమం చెప్పేది ఇంతే. ఎందుకలా కుదురుకోవాలో చూడటమే ఇక్కడి పని.

దీన్ని రోడ్డు మీద పెట్టి చూద్దాం. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆదోని బస్టాండు గేటు దగ్గర గీత గీసి, అక్కడి నుంచి ఒక బస్సు, ఒక మోటారుసైకిలు ఒకే క్షణంలో ఎమ్మిగనూరు వైపు బయల్దేరాయనుకోండి. t నిమిషాలకు బస్సు పోయిన దూరం f(t), బండి పోయిన దూరం g(t). గీత దగ్గర రెండు దూరాలూ సున్నా. ‘బండి పోయిన దూరానికి బస్సు ఎన్ని రెట్లు పోయింది?’ అని దారిలో ఎక్కడ అడిగినా జవాబుంది. బయల్దేరే క్షణంలో అడిగితే మాత్రం 0/0. అయినా బయల్దేరిన వెంటనే, అర సెకనుకు, పదో వంతు సెకనుకు ఆ నిష్పత్తి ఏ సంఖ్య దగ్గర ఉంటుందని అడగడంలో తప్పేమీ లేదు. అవధి అంటే ఆ ప్రశ్నే. దూరాల అవకలజాలు వేగాలు. కాబట్టి లోపితాల్ నియమాన్ని ఈ రోడ్డు మీద ఇలా చెప్పుకోవచ్చు: బయల్దేరేటప్పటి దూరాల నిష్పత్తి కావాలంటే వేగాల నిష్పత్తి చూడు.

రెండు వాహనాలూ గీత దగ్గర ఆగకుండా, పరుగు మీదే గీత దాటితే లెక్క చాలా తేలిక. బస్సు 20 కిలోమీటర్ల వేగంతో, బండి 40 వేగంతో గీత దాటాయి. ఆ తర్వాతి సెకనులో వేగాలు పెద్దగా మారవు కాబట్టి బస్సు పోయిన దూరం బండి దూరంలో సగం ఉంటుంది. దీన్నే గణితంలో రాస్తే, f(0) = g(0) = 0 కాబట్టి

f(t)/g(t) = [(f(t) − f(0))/t] ÷ [(g(t) − g(0))/t]

పై భాగం f′(0) వైపు, కింది భాగం g′(0) వైపు పోతాయి. g′(0) సున్నా కానంతవరకు నిష్పత్తి f′(0)/g′(0). ఇందులో అవకలజం నిర్వచనం తప్ప మరేమీ వాడలేదు, ఏ సిద్ధాంతమూ అవసరం పడలేదు.

ఈ నియమం మొదట అచ్చయిన పుస్తకంలోని వాదన కూడా దాదాపు ఇదే. అది 1696లో పారిస్‌లో వచ్చింది. కలన గణితానికి తొలి పాఠ్యపుస్తకంగా దాన్ని చెబుతారు. రాసినవాడు మార్క్వి ద లోపితాల్ అనే ప్రభువు. ఒకే బిందువు దగ్గర అక్షాన్ని తాకే రెండు వక్రాలను గీసి, అక్కడి నుంచి అతి చిన్న అడుగు ముందుకు వేస్తే వాటి ఎత్తుల నిష్పత్తి డిఫరెన్షియల్‌ల నిష్పత్తే అవుతుందని ఆయన చూపించాడు. ఈ నియమం మాత్రం ఆయన సొంతం కాదు. లోపితాల్ ఏడాదికి 300 లీవ్ర్‌లు ఇచ్చి యోహాన్ బెర్నూలీ దగ్గర పాఠాలూ కొత్త ఫలితాలూ ఉత్తరాల ద్వారా తెప్పించుకునేవాడు. 1694 నాటి ఒక ఉత్తరంలో ఈ నియమం ఉంది. 1704లో లోపితాల్ పోయాక బెర్నూలీ అది తనదని చెప్పుకున్నాడు. చాలామంది నమ్మలేదు. ఆ ఉత్తరాలు 1955లో అచ్చయ్యాకే సంగతి తేటతెల్లమైంది. డబ్బిచ్చి కొన్న సూత్రానికి కొన్నవాడి పేరే నిలిచిపోయింది.

అయితే బస్టాండులోంచి పరుగు మీద బయటికొచ్చే బస్సు ఉండదు. ప్రయాణికులను ఎక్కించుకుని, నిలబడ్డ చోటు నుంచే కదులుతుంది. బండీ అంతే. అంటే t = 0 దగ్గర రెండు వేగాలూ సున్నా. పైన రాసిన తేలిక వాదన ఇక్కడ f′(0)/g′(0) = 0/0 అని చెప్పి చేతులెత్తేస్తుంది. పరీక్షల్లో వచ్చే లెక్కలు చాలా వరకు ఈ రకమే. అందుకే పిల్లలు ఒకసారి కాక రెండు మూడు సార్లు డిఫరెన్షియేట్ చేస్తారు. ఆ రెండోసారి, మూడోసారి చేసే హక్కు తేలిక వాదన ఇవ్వదు. దాని కోసం ఆ క్షణంలోని వేగాన్ని వదిలేసి, ఆ క్షణానికి దగ్గర్లోని వేగాలతో వాదించాలి.

దగ్గర్లోని వేగాలు అనగానే ఇంటర్ చదివినవాళ్ళకు లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం గుర్తుకొస్తుంది. ప్రయాణం మొత్తానికి సగటు వేగం ఎంతో, దారిలో ఏదో ఒక క్షణంలో వాహనం సరిగ్గా ఆ వేగంతో పోయి తీరుతుంది. కాబట్టి x నిమిషాల ప్రయాణంలో f(x) = f′(c)·x, g(x) = g′(c)·x. భాగిస్తే x పోయింది, f(x)/g(x) = f′(c)/g′(c). పని అయిపోయినట్టే అనిపిస్తుంది. డిగ్రీ పిల్లలను సొంతంగా నిరూపించమంటే ఎక్కువమంది రాసుకొచ్చేది ఇదే. చూడ్డానికి ఎంత నున్నగా ఉంటుందంటే, దిద్దేవాళ్ళు కూడా ఒక్కోసారి దాటేస్తారు.

లోపం ఆ c లో ఉంది. బస్సు తన సగటు వేగాన్ని అందుకునే క్షణం వేరు, బండి తన సగటు వేగాన్ని అందుకునే క్షణం వేరు. రెండింటికీ ఒకే అక్షరం రాసినంత మాత్రాన అవి ఒకటైపోవు. అంకెలు వేసి చూద్దాం. తొలి నిమిషంలో బస్సు దూరం f(t) = t²/2, బండి దూరం g(t) = t³/2 కిలోమీటర్లు అనుకుందాం, t నిమిషాల్లో. నిమిషం ముగిసేసరికి రెండూ అర కిలోమీటరు దగ్గరే ఉన్నాయి. సగటు వేగం రెండింటిదీ గంటకు 30 కిలోమీటర్లు. బస్సు వేగం నిమిషానికి t కిలోమీటర్లు, కాబట్టి అది 30 వేగాన్ని అందుకునేది సరిగ్గా 30వ సెకనులో. బండి వేగం 3t²/2. అది మొదట్లో మెల్లగా కదిలి తర్వాత పుంజుకుంటుంది. 30 వేగాన్ని అందుకునేది సుమారు 34.6 సెకన్ల దగ్గర. ఆ నాలుగున్నర సెకన్ల తేడాను పట్టించుకోకుండా బస్సు క్షణాన్నే బండికీ అంటగడితే ఏమవుతుంది? 30వ సెకనులో బస్సు వేగం 30, బండి వేగం 22.5. నిష్పత్తి 4/3. అసలు దూరాల నిష్పత్తేమో 1.

‘x ని సున్నాకు దగ్గర చేస్తాం కదా, అప్పుడీ తేడా కరిగిపోదా?’ అని అడగవచ్చు. కరగదు. నిమిషం బదులు x నిమిషాలు తీసుకోండి. దూరాల నిష్పత్తి 1/x. బస్సు సగటు వేగాన్ని అందుకునేది x/2 దగ్గర, ఆ క్షణంలో వేగాల నిష్పత్తి 4/(3x). x ఎంత చిన్నదైనా రెండోది మొదటిదానికంటే మూడో వంతు ఎక్కువే. ఈ ఉదాహరణలో రెండూ అనంతం వైపు పోతాయి కాబట్టి అవధికి నష్టం జరగలేదు, అది వేరే సంగతి. ప్రతి ప్రమేయానికీ అలాంటి అదృష్టం ఉంటుందన్న హామీ లేదు. నిరూపణ అంటే హామీ.

కావలసిందేమిటో ఇప్పుడు స్పష్టమైంది. బస్సుకూ బండికీ ఒకే క్షణం కావాలి. ఆ ఒక్క క్షణంలో వేగాల నిష్పత్తి మొత్తం దూరాల నిష్పత్తికి సమానం కావాలి. అలాంటి క్షణం తప్పకుండా ఉంటుందని చెప్పేదే కోషీ మధ్యమ మూల్య సిద్ధాంతం. పారిస్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో చెప్పిన పాఠాలను ఓగస్టిన్ లూయీ కోషీ 1823లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఈ సిద్ధాంతం అందులోనే ఉంది. లెగ్రాంజ్ సిద్ధాంతాన్ని రెండు ప్రమేయాలకు విస్తరించినట్టుంటుంది కాబట్టి దీన్ని సాధారణీకరించిన మధ్యమ మూల్య సిద్ధాంతం అని కూడా అంటారు. బీటెక్ మొదటి సంవత్సరంలో రోల్, లెగ్రాంజ్, కోషీ అంటూ మూడూ వరసగా వస్తాయి. మూడోది ఎందుకు పెట్టారో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

నిరూపణకు రోడ్డు మీదికి మూడో బండిని తెద్దాం. ఊహలోని బండి. x నిమిషాల చివర బస్సు దూరం బండి దూరానికి m రెట్లనుకోండి, అంటే m = f(x)/g(x). ఊహ బండి ప్రతి క్షణంలోనూ మోటారుసైకిలు ఎంత దూరం పోయిందో దానికి m రెట్లు పోతుంది. మోటారుసైకిలు నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తుంది, వేగం పెంచితే ఇదీ పెంచుతుంది, అంతా m రెట్లలో. దీని దూరం m·g(t), వేగం m·g′(t).

ఇప్పుడు బస్సునూ ఊహ బండినీ మాత్రమే చూడండి. రెండూ గీత దగ్గర కలిసి బయల్దేరాయి. x నిమిషాల చివర ఊహ బండి దూరం m·g(x), అంటే సరిగ్గా f(x). అదే బస్సు ఉన్న చోటు. రెండూ కలిసి బయల్దేరి కలిసి చేరాయి. మధ్యలో ఎవరు ముందున్నా, ఎవరు వెనకబడ్డా, వాటి మధ్య ఎడం సున్నాతో మొదలై సున్నాతో ముగిసింది. పెరిగిన ఎడం ఎక్కడో ఒకచోట పెరగడం మాని తగ్గడం మొదలుపెట్టాలి. ఆ మలుపు దగ్గర ఎడం పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. అంటే ఆ క్షణంలో రెండింటి వేగమూ ఒకటే. బస్సు ముందు వెనకబడి, తర్వాత పుంజుకున్నా ఇదే మాట. అసలు ఎడమే ఏర్పడకపోతే ప్రతి క్షణమూ అలాంటిదే. ఆ క్షణాన్ని c అనుకుంటే

f′(c) = m·g′(c), అంటే f′(c)/g′(c) = f(x)/g(x).

ఒకే c. బస్సుకూ బండికీ అదే.

మన అంకెల్లో m = 1, కాబట్టి ఊహ బండి మోటారుసైకిలే. రెండింటి వేగాలూ సమానమయ్యేది t = 3t²/2 అయినప్పుడు, అంటే t = 2/3 నిమిషం, 40వ సెకను. అప్పుడు రెండూ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఉన్నాయి. 30వ సెకనూ కాదు, 34.6వ సెకనూ కాదు. కోషీ క్షణం లెగ్రాంజ్ క్షణాలు రెండింటికీ అవతల ఉంది. సగటు వేగంతో దానికి పనే లేదు. ఎడం మలుపు తిరిగే చోటు అది.

గణిత భాషలో ఎడం అంటే D(t) = f(t) − m·g(t). D(0) = 0, D(x) = 0. అలా రెండు చివర్లా సున్నా అయ్యే ప్రమేయం మధ్యలో ఎక్కడా తెగకుండా, ప్రతిచోటా అవకలజం కలిగి ఉంటే, ఎక్కడో ఒకచోట D′(c) = 0 అని చెప్పేది రోల్ సిద్ధాంతం. ఇక్కడొక చిత్రం ఉంది. మిషెల్ రోల్ 1691లో ఈ మాట బహుపదులకు చెప్పాడు. ఆ మనిషే 1700 ప్రాంతంలో పారిస్ అకాడమీలో లోపితాల్ వర్గం వాళ్ళ కొత్త కలన గణితానికి వ్యతిరేకంగా నిలబడి వాదించాడు, దాని పునాదులు గట్టివి కావన్నాడు. చివరికి లోపితాల్ నియమానికి గట్టి పునాది ఆయన సిద్ధాంతం మీదే పడింది.

పై నిరూపణలో m = f(x)/g(x) అని రాసేశాం. g(x) సున్నా అయితే? ఇక్కడ ఒక షరతు పెట్టుకోవాలి: బయల్దేరిన తర్వాత, గీతకు దగ్గర్లో, g′ ఎక్కడా సున్నా కాకూడదు. మోటారుసైకిలు కదిలాక ఆగకూడదన్నమాట. ఆగకుండా వెనక్కి తిరిగి గీత దగ్గరికి రావడం కుదరదు, తిరిగేటప్పుడు ఒక్క క్షణమైనా వేగం సున్నా కావాలి కాబట్టి. అది మళ్ళీ రోల్ సిద్ధాంతమే, ఈసారి g మీద. కాబట్టి g(x) సున్నా కాదు, m కి అర్థం ఉంది. g′(c) కూడా సున్నా కాదు, భాగించడానికి అడ్డు లేదు. సరిగ్గా గీత దగ్గర, t = 0 లో, g′ సున్నా అయినా పరవాలేదు. నిజానికి అక్కడ అవకలజాలు లేకపోయినా పరవాలేదు. c ఎప్పుడూ 0 కీ x కీ మధ్యనే ఉంటుంది, చివరల మీద పడదు. తేలిక వాదన చేతులెత్తేసిన చోట ఇది నిలబడటానికి కారణం అదే.

ఇక మిగిలింది చివరి అడుగు. x ని సున్నా వైపు జరపండి. ప్రతి x కీ ఒక c దొరుకుతుంది, 0 < c < x. x కుంచించుకుపోతుంటే మధ్యలో ఇరుక్కున్న c కూడా సున్నాకే పోవాలి. f′/g′ సున్నా దగ్గర L అనే సంఖ్య మీద కుదురుకుంటుందని మనకు ముందే తెలిస్తే, f′(c)/g′(c) కూడా L కే పోతుంది. కానీ అది f(x)/g(x) కి సమానం. కాబట్టి f(x)/g(x) అవధి L. నిరూపణ పూర్తయింది. సున్నాకు కుడి పక్క చెప్పిందే ఎడమ పక్కకూ వర్తిస్తుంది. సున్నా బదులు a అనే మరే బిందువైనా అంతే.

నియమం పనిచేయడం ఒక లెక్కలో పూర్తిగా చూద్దాం: x సున్నాకు పోతుంటే (x − sin x)/x³. లవం సున్నా, హారం సున్నా. డిఫరెన్షియేట్ చేస్తే (1 − cos x)/(3x²). మళ్ళీ సున్నా బై సున్నా. ఇంకోసారి: sin x/(6x). మళ్ళీ సున్నా బై సున్నా. ఇంకోసారి: cos x/6. ఇప్పుడు x = 0 వేస్తే 1/6. ఈ గొలుసును పిల్లలు పై నుంచి కిందికి రాస్తారు, తర్కం మాత్రం కింది నుంచి పైకి నడుస్తుంది. చివరి భిన్నానికి అవధి ఉంది కాబట్టి దానిపైదానికి ఉంది, దానికి ఉంది కాబట్టి ఆ పైదానికి. కోషీ సిద్ధాంతాన్ని మూడుసార్లు వాడాం. x కి లోపల ఒక c, ఆ c కి లోపల మరో c, దానికీ లోపల మూడోది. అన్నీ ఒకదాని వెనక ఒకటి సున్నా వైపే నెట్టుకుపోతాయి.

కాలిక్యులేటర్ మీద సరిచూసుకోవచ్చు, రేడియన్లలో పెట్టి. x = 0.1 వేస్తే sin x = 0.0998334166, తేడా 0.0001665834, దాన్ని 0.001 తో భాగిస్తే 0.1665834. 1/6 అంటే 0.1666667, బాగా దగ్గర. ఇంకా దగ్గరికి పోదామని x = 0.00001 వేస్తే మాత్రం, పది అంకెలే పట్టుకునే కాలిక్యులేటర్ sin x ని కూడా 0.00001 అనే చూపిస్తుంది. తేడా సున్నా, జవాబు సున్నా. అవధి సున్నా అని తేల్చేసే ప్రమాదం ఇక్కడుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు ముందున్న అంకెలన్నీ కొట్టుకుపోయి, యంత్రం దాచుకోని అంకెలే మిగలాల్సి వస్తుంది. కాలిక్యులేటర్‌తో అవధిని ఊహించేవాళ్ళు x ని మరీ చిన్నది తీసుకోకపోవడం మేలు.

ఈ గొలుసులో sin x/(6x) దగ్గర ఒక్క క్షణం ఆగాలి. sin x/x అవధి 1 అని ఈ నియమంతో ‘నిరూపించడం’ పరీక్ష పేపర్లలో తరచూ కనిపిస్తుంది: పైన cos x, కింద 1, జవాబు 1. జవాబు ఒప్పే, వాదన మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. sin x అవకలజం cos x అని మనకెలా తెలిసింది? దాన్ని రాబట్టేటప్పుడు sin h/h అవధి 1 అని వాడాం. ఆ ఫలితాన్ని వృత్తంలో త్రిభుజం, సెక్టార్ వైశాల్యాలు పోల్చి ముందుగానే నిలబెట్టుకోవాలి. ఇంటర్ పుస్తకంలో దాని కోసం ప్రత్యేకంగా ఒక బొమ్మ గీసింది అందుకే.

నియమం తప్పుదోవ పట్టించే మొదటి చోటు అందరికీ తెలిసిందే అయినా, ఎక్కువ మార్కులు పోయేదీ అక్కడే. 0/0 ఉందో లేదో చూసుకోకుండా వాడటం. (x² + 1)/(x + 2) లో x సున్నాకు పోతే జవాబు 1/2. కళ్ళు మూసుకుని డిఫరెన్షియేట్ చేస్తే 2x/1, అంటే 0. కారణం మన రోడ్డు మీదే కనిపిస్తుంది: రెండూ ఒకే గీత నుంచి బయల్దేరలేదు. ఊహ బండీ బస్సూ కలిసి మొదలైతేనే ఎడం సున్నాతో మొదలవుతుంది. అది లేకపోతే మలుపు ఉండాల్సిన పని లేదు. (x − sin x)/x³ లాంటి గొలుసులో కూడా ప్రతి మెట్టు దగ్గరా ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. cos x/6 దగ్గర ఆగకుండా ఇంకోసారి డిఫరెన్షియేట్ చేస్తే −sin x/0 వస్తుంది, దానికి అర్థమే లేదు.

రెండో చోటు ఇంకా ఆసక్తికరం. నియమం ఒకే దిశలో నడుస్తుంది. f′/g′ కి అవధి ఉంటే f/g కి ఉంటుంది. f′/g′ కి అవధి లేకపోతే f/g గురించి నియమం ఏమీ చెప్పదు. ఉదాహరణకు f(x) = x² sin(1/x), g(x) = x. నిష్పత్తి x sin(1/x). సైన్ విలువ −1 కీ 1 కీ మధ్యనే ఆడుతుంది, ముందున్న x సున్నాకు పోతుంది, కాబట్టి అవధి సున్నా. అవకలజాల నిష్పత్తి మాత్రం 2x sin(1/x) − cos(1/x). మొదటి పదం సున్నాకు పోతుంది గానీ cos(1/x) ఒకచోట నిలవదు. సున్నా దగ్గరికి వచ్చేకొద్దీ 1 కీ −1 కీ మధ్య మరింత తొందర తొందరగా ఊగుతుంది. అవధి లేదు. నియమం పట్టుకున్నవాడు ‘అవధి లేదు’ అని రాసి తప్పుతాడు.

ఇక్కడ కోషీ సిద్ధాంతం అబద్ధమైందా? కాలేదు. ప్రతి x కీ c ఇప్పటికీ ఉంది, ఆ c దగ్గర f′(c)/g′(c) సరిగ్గా x sin(1/x) కి సమానం. x = 1/π వేస్తే నిష్పత్తి సున్నా, కాబట్టి 0 కీ 1/π కీ మధ్య f′ సున్నా అయ్యే చోటు ఒకటి ఉండి తీరాలి. ఉంది కూడా. తేడా ఎక్కడంటే, c అన్ని బిందువుల మీదా తిరగదు. f′/g′ విలువ చిన్నగా ఉన్న చోట్లను మాత్రమే అది ఎంచుకుంటుంది. మిగతా చోట్ల f′/g′ ఎంత ఊగినా దానికి పట్టదు. f′/g′ అన్ని దారుల్లోనూ L కి పోతే c ఎంచుకున్న దారిలోనూ L కి పోతుంది. కానీ c దారిలో మాత్రమే పోతే, అన్ని దారుల్లోనూ పోతుందని చెప్పలేం. నియమం ఒక వైపుకే నడవడానికి కారణం ఈ ఒక్క వాక్యంలో ఉంది. c ని కంటికి కనపడే క్షణంగా పట్టుకున్నవాళ్ళకు ఇది అర్థమవుతుంది. పై నుంచి కింది వరకూ గుర్తు మీదే నడిచేవాళ్ళకు ఎప్పటికీ ఇదొక మినహాయింపుగానే మిగిలిపోతుంది.

మూడో చోట నియమం తప్పేమీ చెప్పదు, ఉపయోగం మాత్రం ఉండదు. x కుడి వైపు నుంచి సున్నాకు పోతుంటే e^(−1/x)/x తీసుకోండి. పైదీ కిందిదీ రెండూ సున్నాకే పోతాయి. డిఫరెన్షియేట్ చేస్తే e^(−1/x)/x². ఇంకోసారి చేస్తే e^(−1/x)/(2x³). ప్రతిసారీ హారంలో ఘాతం ఒకటి పెరుగుతుందే తప్ప 0/0 వదలదు. f′/g′ కి అవధి ఉందని తెలిస్తేనే కదా నియమం, అది తేల్చుకోవడం మొదటి ప్రశ్నకంటే కష్టంగా తయారైంది. ఇలాంటి చోట డిఫరెన్షియేట్ చేయడం మానేసి లెక్క రూపం మార్చాలి. t = 1/x అనుకుంటే t అనంతానికి పోతుంది, భిన్నం t/e^t అవుతుంది. ఇది 0/0 కాదు, అనంతం బై అనంతం. ఆ రూపానికీ ఈ నియమం వర్తిస్తుంది, నిరూపణ కోషీ సిద్ధాంతం మీదే గానీ ఇంకాస్త పొడవు. అక్కడ బయల్దేరే గీత లేదు కాబట్టి, ప్రయాణాన్ని మధ్యలో ఒకచోట నుంచి మొదలుపెట్టి, అప్పటికే పోయిన దూరం తర్వాత పోయే దూరం ముందు లెక్కలోకి రాదని చూపించాలి. మన భిన్నంలో ఒక్కసారి డిఫరెన్షియేట్ చేస్తే 1/e^t, అవధి సున్నా.